పట్టా మాట పండుగనాడే ఎందుకు?

(దసరా పండుగ సందర్భంగా వెల్గటూర్‌లో పెద్దలు, యువకులు, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు కలిసి కూర్చున్న ఊరి సభలో మన రైతు సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం.)

జమ్మి ఆకు చేతుల పెట్టి పెద్దల కాళ్లు మొక్కడం మన ప్రాంతపు ఆనవాయితీ. సంఘం తరఫున ఈ సభలోని పెద్దలందరికీ ముందుగా ఆ దండం పెట్టి మాట మొదలుపెడుతున్నాం.

పండుగ పూట ధరల గురించో, వడ్ల కొనుగోలు గురించో మాట్లాడమని కొందరు అన్నారు. ఆ మాటలు మాట్లాడుకోవడానికి ఏడాదంతా ఉంది. ఒక్క మాట మాత్రం ఈ నాలుగు రోజుల్లోనే మాట్లాడుకోవడానికి వీలవుతుంది. అది ఇంటి భూమి ఎవరి పేరు మీద ఉన్నదనే మాట. సద్దుల బతుకమ్మకు ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చారు. హైదరాబాదులో, బొంబాయిలో పనిచేసే పిల్లలు వచ్చారు. గల్ఫ్ నుంచి సెలవు దొరికినవాళ్లు కూడా వచ్చారు. ఒక పట్టాతో సంబంధం ఉన్న మనుషులంతా ఒకే వాకిట్లో కూర్చునే రోజులు ఏడాదిలో ఇవే. అందుకే పండుగ అని తెలిసీ ఈ మాట ఎత్తుతున్నాం. పెద్దల మనసు నొప్పించాలని కాదు. వినండి, తప్పనిపిస్తే సభలోనే చెప్పండి.

ముందు పెద్దలతో

అయ్యా, ఈ భూమి మీ పేరు మీదికి ఊరికే రాలేదు. మీలో కొందరి తండ్రులు దొరల పొలాల్లో వెట్టి చేసినవాళ్లు. దున్నేవాడు ఒకడు, పహాణీలో పేరు ఒకరిది అయిన కాలం మీరు చూశారు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలకు వేలమంది రైతుకూలీలు నడిచిపోయారు. ఆ తర్వాత కొద్ది రోజులకే సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. కాగితం మీద పేరుకున్న విలువ ఎంతో ఆ రోజుల్లో బతికినవాళ్లకు మేము చెప్పాల్సిన పని లేదు. కష్టపడి తెచ్చుకున్న పేరును తీసేయమంటే ఎవరికైనా కడుపులో కలుక్కుమంటుంది. పట్టా ఇచ్చినంక బువ్వ పెడతారో లేదోననే భయం కూడా ఉత్త భయం కాదు. అట్లా జరిగిన ఇళ్లను మీరూ చూశారు, మేమూ చూశాం.

అందుకే పట్టా మొత్తం కొడుకుల పేరు మీదికి మార్చేయండని మేము చెప్పడం లేదు. మీ పేరు మీదే ఉండగా ఇంటికి వస్తున్న నష్టం ఏమిటో, మీ చేతిలోని పట్టు పోకుండా ఆ నష్టాన్ని తగ్గించే దారి ఏమిటో, అంతవరకే చెబుతాం.

నష్టం ఎక్కడుంది?

రైతు బీమా 2018 ఆగస్టులో మొదలైంది. ఎల్‌ఐసీ ద్వారా నడుస్తుంది, ప్రీమియం సర్కారే కడుతుంది. పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా, పాము కరిచినా, కరెంటు కొట్టినా, గుండె ఆగినా, ఇంటివాళ్లకు 5 లక్షల రూపాయలు వస్తాయి. భూమి ఇంత ఉండాలనే లెక్క లేదు. ఒక్క గుంట ఉన్నా చాలు. అయితే రెండు షరతులున్నాయి. పట్టా పాసుబుక్కు ఆ మనిషి పేరు మీద ఉండాలి. వయసు 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండాలి.

ఈ రెండు షరతులను మన ఇళ్లకు పెట్టి చూడండి. పట్టా ఉన్న బాపుకు 70 దాటింది. ఆయనకు వయసు అడ్డం. పొద్దున లేచి మోటరు పెట్టేది, రాత్రి కరెంటుకు పొలం పోయేది, మందు కొట్టేది 45 ఏళ్ల కొడుకు. ఆయనకు పాసుబుక్కు అడ్డం. నాట్లలో, కలుపులో రోజంతా నడుము వంచే కోడలు ఏ కాగితంలోనూ లేదు. ప్రమాదానికి దగ్గరగా ఉండేవాళ్లకు బీమా లేదు, పేరున్న పెద్దమనిషికి వయసు దాటిపోయింది. మొత్తానికి ఆ ఇంట్లో ఒక్క ప్రాణానికీ బీమా లేదు. కొడుకు మోటరు దగ్గర పడిపోతే ఏఈఓ వచ్చి రికార్డు చూసి, పేరు లేదని చెప్పి వెళ్లడం తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు.

పెద్దలు ఇంకొక్క సంగతి చూసుకోవాలి. వయసు లెక్క ఆధార్ ప్రకారమే జరుగుతుంది. ఆధార్ తీసినప్పుడు పుట్టినరోజు తెలియనివాళ్లకు అందాజాగా ఏడు వేసి జనవరి 1 అని రాశారు. దానివల్ల 56 ఏళ్ల మనిషి కాగితంలో 61 అయినవాళ్లున్నారు. బడి రికార్డు వంటి రుజువు ఏదైనా ఉంటే ఆధార్ ముందే సరిచేయించుకోవాలి. మనిషి పోయినంక సరిచేయించడం కుదరదు.

ఒక ఇంటి లెక్క

మాట తేలికగా అర్థం కావడానికి ఒక ఇల్లు అనుకుందాం. ఇది ఫలానావాళ్ల ఇల్లని ఎవరూ వెతకొద్దు, లెక్క కోసం అనుకున్న ఇల్లు. బాపుకు 72 ఏళ్లు, అవ్వకు 66. బాపు సొంత సంపాదనతో కొన్న భూమి 4 ఎకరాలు, అంతా ఆయన పేరు మీదే ఉంది. పెద్దకొడుకుకు 47, వ్యవసాయం ఆయనదే. చిన్నకొడుకుకు 41, గల్ఫ్‌లో ఉన్నాడు, అతని భార్య ఇక్కడే ఉండి పొలం పనులు చూస్తుంది. వీళ్ల మధ్య ఒక బిడ్డ, కోరుట్ల వైపు ఇచ్చారు.

ఈ ఇంట్లో బాపు 3 ఎకరాలు తన పేరు మీదే ఉంచుకుని, 20 గుంటలు పెద్దకొడుకు పేరు మీద, 20 గుంటలు చిన్నకోడలు పేరు మీద దానపత్రం రాసి రిజిస్ట్రేషన్ చేశాడనుకోండి. ఇద్దరికీ పాసుబుక్కులు వస్తాయి, ఇద్దరూ రైతు బీమాలో చేరవచ్చు. ఇంట్లో ఎక్కువ కష్టపడే రెండు ప్రాణాలకు చెరి 5 లక్షల భరోసా వచ్చింది. బాపు చేతిలో 3 ఎకరాలు అలాగే ఉన్నాయి. మాట వినని రోజు వస్తే మిగిలిన భూమి మీద నిర్ణయం ఆయనదే.

రైతు భరోసా పోతుందేమోనని కొందరికి అనుమానం. అది ఎకరానికి సీజనుకు 6 వేల లెక్కన భూమి ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకు వస్తుంది. ముందు బాపుకు 4 ఎకరాలకు 24 వేలు పడేది. ఇప్పుడు బాపుకు 18 వేలు, కొడుకుకు 3 వేలు, కోడలికి 3 వేలు పడతాయి. ఇంటికి వచ్చేది అంతే. పీఎం కిసాన్ సంగతి మాత్రం వేరు. అందులో 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరు మీద ఉందో చూస్తారు. భూమి మొత్తం కొడుకుకు రాసేస్తే బాపుకు ఏటా వచ్చే 6 వేలు ఆగిపోవచ్చు, కొడుకుకు కొత్తగా రాకపోవచ్చు. మొత్తం రాయకుండా కొంతే రాయమనడానికి ఇది కూడా ఒక కారణం. ఏది రాసినా ముందుగా ఏఈఓను అడిగి రాయండి.

గల్ఫ్‌లో ఉన్న కొడుకుకు కాకుండా కోడలికి ఎందుకు అని మీరు అడగవచ్చు. బీమాలో చేరడానికి మనిషి ఇక్కడ ఉండాలి, ఏఈఓ దగ్గర ఫారం మీద సంతకం చేయాలి. పొలంలో దిగేది కూడా ఆమే. కోడలి పేరు మీద 20 గుంటలు పెట్టడం కొన్ని ఇళ్లలో పెద్ద మాట అవుతుందని మాకు తెలుసు. ఆమె చేసే పనిని చూసి పెద్దలే ఆలోచించాలి.

దానపత్రం రాసేటప్పుడు

వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహశీల్దారు కార్యాలయంలోనే జరుగుతుంది. మీసేవలో స్లాటు తీసుకోవాలి. రాసే మనిషి, తీసుకునే మనిషి, ఇద్దరు సాక్షులు ఆధార్ కార్డులతో పోవాలి. పట్టా పాసుబుక్కు వెంట ఉండాలి. స్లాటు తీసుకోకముందే bhubharati.telangana.gov.in లో మీ సర్వే నంబరు తెరిచి నాలుగు సంగతులు చూసుకోండి. పేరు, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, విస్తీర్ణం పాసుబుక్కుతో సరిపోతుందా, సర్వే నంబరు నిషేధిత జాబితాలో పడి ఉందా, బ్యాంకు తాకట్టు చూపిస్తుందా అని. వీటిలో ఏ తేడా ఉన్నా ముందు అది తేల్చుకోవాలి. లేకపోతే స్లాటు రోజు తిరిగి రావాల్సి వస్తుంది.

నాలుగెకరాల్లో 20 గుంటలు ఇస్తున్నామంటే అది ఏ గట్టు నుంచి ఏ గట్టు వరకో కొలిపించి నక్ష గీయించుకోండి. కాగితంలో తూర్పు ముక్క, మోకా మీద పడమటి ముక్క అయిన ఇళ్లు చాలా ఉన్నాయి. తండ్రి ఉన్నన్ని రోజులు అది ఎవరికీ పట్టదు. తండ్రి పోయి, అన్నదమ్ముల్లో ఒకరు బోరు వేయబోయిన రోజు గొడవ బయటపడుతుంది.

ఇప్పుడు బువ్వ మాట. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. 60 ఏళ్లు దాటిన మనిషి తనను చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసి ఇస్తే, తీసుకున్నవాళ్లు చూడకపోతే, ఆ దానపత్రాన్ని రద్దు చేయమని అడగవచ్చని అందులోని 23వ సెక్షన్ చెబుతుంది. అడగాల్సింది ఆర్డీఓ దగ్గర ఉండే ట్రిబ్యునల్‌ను. కోర్టుల చుట్టూ ఏళ్లకేళ్లు తిరగాల్సిన పని లేదు. అయితే షరతు ఉండాలి. షరతు లేని దానపత్రాన్ని ఈ సెక్షన్ కింద రద్దు చేయడం కుదరదని సుప్రీంకోర్టు 2022లో ఒక కేసులో చెప్పింది. 2025 జనవరి 2న ఇచ్చిన ఇంకో తీర్పులో, తల్లి దానపత్రం రాసిన రోజే కొడుకు ఆమెను చూసుకుంటానని రాసి ఇచ్చిన హామీని లెక్కలోకి తీసుకుని దానపత్రాన్ని రద్దు చేసింది.

దీంట్లో మనం నేర్చుకోవాల్సింది ఇది. తల్లిదండ్రులను చివరిదాకా పోషించాలి, దవాఖాన ఖర్చు చూడాలి అనే మాట దానపత్రంలోనే రాయించండి. కంప్యూటరులో వచ్చే నమూనాలో ఆ మాటకు చోటు లేకపోతే, అదే రోజు, అదే సాక్షుల ముందు, భూమి తీసుకునేవాళ్లతో విడిగా హామీ పత్రం రాయించుకుని పెద్దల దగ్గర పెట్టుకోండి. తమ్ముళ్లూ, ఈ కాగితం అడిగితే బాపుకు మీమీద నమ్మకం లేదని అనుకోవద్దు. బ్యాంకు మన ఇంట్లో అన్నం తినకపోయినా పది సంతకాలు పెట్టించుకుంటుంది, మనం ఏమీ అనుకోం. మనల్ని పెంచినవాళ్లు ఒక్క సంతకం అడిగితే చిన్నబుచ్చుకోవడం న్యాయం కాదు.

వీలునామా రాస్తే సరిపోదా?

వీలునామా మంచిదే. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. రాసిన మనిషి ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేయాలి, ఆ సాక్షులు కూడా సంతకం చేయాలి. సాక్షులుగా ఆస్తి తీసుకునేవాళ్లను కాకుండా బయటి మనుషులను, వయసులో చిన్నవాళ్లను పెట్టుకోండి. రేపు సాక్ష్యం చెప్పడానికి వాళ్లు బతికి ఉండాలి కదా. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత దొంగ కాగితమనే మాట పడటం తక్కువ. ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

కానీ వీలునామా రాసిన మనిషి పోయినంకనే పనిచేస్తుంది. ఆయన ఉన్నన్ని రోజులు కొడుకుకు పాసుబుక్కు రాదు, బీమా రాదు. అందుకే మేము చెప్పేది రెండూ కలిపి చేయమని. కొంచెం భూమి ఇప్పుడే దానపత్రంతో ఇవ్వండి, మిగిలినదానికి మీ ఇష్టం ప్రకారం వీలునామా రాసి పెట్టండి.

ఇప్పటిదాకా చెప్పింది సొంతంగా సంపాదించిన భూమి మాట. తాత తండ్రుల నుంచి వచ్చిన పిత్రార్జితమైతే మొత్తం ఒక్కరికి రాసే హక్కు తండ్రికి ఉండదు. అందులో కొడుకులకు, బిడ్డలకు పుట్టుకతోనే వాటా ఉంది. అట్లాంటి భూమికి అందరూ కూర్చుని భాగ పంపకం చేసుకుని, పంపకపు దస్తావేజు రిజిస్ట్రేషన్ చేయించుకోవడమే సరైన దారి.

ఆడబిడ్డల సంతకం

ఇక్కడ ఆడబిడ్డల మాట చెప్పాలి. మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని బిడ్డలకు పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చారు. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్లి అయిన బిడ్డలకు కూడా వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అనే అనుమానం చాలా ఏళ్లు నడిచింది. ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్ట్రేషన్ అయిన పంపకాలను మాత్రం తిరగదోడరు.

పండుగకు వచ్చిన చెల్లెకు చీర పెట్టి, బస్సెక్కే ముందు కాగితం మీద సంతకం పెట్టించుకోవడం చాలా ఇళ్లలో జరిగే పని. వద్దని చెబుతున్నాం. ఆమె హక్కు వదులుకుంటే అది ఆమె ఇష్టం. కానీ కాగితంలో ఏముందో చదివి వినిపించండి, ఎంత భూమి, ఏ సర్వే నంబరు, విలువ ఎంతో చెప్పండి. ఆలోచించుకోవడానికి పది రోజులు ఇవ్వండి. అట్లా అడిగి తీసుకున్న సంతకం నిలుస్తుంది. దావత్ నడుమ తీసుకున్న సంతకం కోర్టులోనూ నిలవదు, ఆమె మనసులోనూ నిలవదు.

పేరు మార్చకముందే పెద్దమనిషి పోతే

మనం అనుకున్న ఇంట్లో బాపు ఏ కాగితమూ రాయకుండా పోయాడనుకుందాం. అది ఆయన సొంత సంపాదన కాబట్టి అవ్వకు, ఇద్దరు కొడుకులకు, బిడ్డకు సమానంగా నాలుగు వాటాలు, తలా ఒక ఎకరం. బాపు తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా వస్తుంది, అప్పుడు ఐదు వాటాలు. ముసలి నానమ్మ పేరు మరిచిపోయి విరాసత్ చేయించుకున్న ఇళ్లకు తర్వాత చిక్కులు వస్తాయి.

మొదటి పని మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శికి చెబితే ఖర్చు లేకుండా నమోదవుతుంది. ఏడాది దాటితే పై అధికారి ఉత్తర్వు తెచ్చుకోవాలి. దినవారాల పనుల్లో ఇది మరిచిపోతారు. పదకొండో రోజు చేసే పనుల పట్టీలో దీన్ని కూడా రాసుకోండి.

తర్వాత వారసులందరూ కలిసి ఎవరికి ఎంత అని ఒప్పుకుని రాసిన పత్రంతో, అందరి ఆధార్ కార్డులతో విరాసత్‌కు దరఖాస్తు పెట్టాలి. ధరణి ఉన్న రోజుల్లో వారసులు ఇచ్చిన పత్రాన్ని నమ్మి విచారణ లేకుండానే పేర్లు ఎక్కించారు. అక్కడే కొన్ని ఇళ్లలో అక్కచెల్లెళ్ల పేర్లు జారిపోయాయి. 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి చట్టం అమలులోకి వచ్చింది. ఇప్పుడు తహశీల్దారు వారసులందరికీ నోటీసు ఇచ్చి విచారించాలి, 30 రోజుల్లో తేల్చాలి. అందుకే నోటీసు వచ్చినప్పుడు ఆడబిడ్డలు దాన్ని పక్కన పడేయొద్దు. మాట చెప్పాల్సింది ఆ రోజుల్లోనే.

వారసుల్లో ఒకరు గల్ఫ్‌లో ఉంటే ఇంకో పని ఉంది. అతను అక్కడి మన ఎంబసీలోనో, కాన్సులేట్‌లోనో ఇక్కడి నమ్మకమైన మనిషికి అధికారపత్రం రాసి, దాని మీద ముద్ర వేయించి పంపాలి. అది మన దేశానికి వచ్చిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలి. మూడు నెలలు దాటితే మళ్లీ మొదటికి వస్తుంది. పని ఏమిటో, సర్వే నంబరు ఏమిటో ఆ పత్రంలో స్పష్టంగా రాయించండి. అన్ని పనులకు అధికారం ఇస్తున్నానని రాస్తే, భూమి అమ్ముకునే అధికారం కూడా ఇచ్చినట్టే అవుతుంది.

యువకులతో ఒక మాట

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంతసేపు పెద్దలకు చెప్పినట్టు కనబడినా పని ఎక్కువగా మీదే. పోర్టల్ తెరవడం, స్లాటు తీయడం, పేరులో తప్పు పట్టుకోవడం మీకు వచ్చు. కానీ ఫోన్ పట్టుకుని పోయి బాపు ముందు పెట్టి ఇక్కడ వేలిముద్ర వెయ్యి అంటే పని చెడిపోతుంది. మొదట మీ ఇంటి పాసుబుక్కు తీసి ఆయనకే చదివి వినిపించండి. ఏ సర్వే నంబరు ఎక్కడుందో, ఎవరి దగ్గర కొన్నాడో, ఏ గట్టు కోసం ఎవరితో మాటపట్టింపు వచ్చిందో ఆయనను అడిగి నోటుబుక్కులో రాసుకోండి. ఆ సంగతులు ఏ పోర్టల్‌లోనూ ఉండవు. సాదాబైనామా కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో చాలా ఇళ్లలో ఆయన ఒక్కడికే తెలుసు.

పాసుబుక్కు వచ్చిందని సంబరపడి ఊరుకోవద్దు. బీమా దానంతట అదే రాదు. రైతు బీమా ఏడు ఆగస్టు 14న మొదలై మరుసటి ఆగస్టు 13తో ముగుస్తుంది. కొత్త పాసుబుక్కు వచ్చినవాళ్లు దానికి ముందే రైతు వేదికలో ఏఈఓకు ఫారం, పాసుబుక్కు, ఆధార్, నామినీ ఆధార్ నకళ్లు స్వయంగా ఇవ్వాలి. అందుకే దసరాకు మాట మొదలుపెట్టి, సంక్రాంతి లోపల కాగితాలు సరిచూసుకుని, మృగశిర కార్తె రాకముందే రిజిస్ట్రేషన్ ముగిస్తే సమయం సరిపోతుంది. ముందే చేరినవాళ్లు నామినీ ఎవరో ఒకసారి చూసుకోండి. 2018లో అవ్వ పేరు రాసి, ఆమె పోయినా మార్చనివాళ్లున్నారు. చిన్నపిల్లల పేరు రాస్తే వాళ్ల తరఫున డబ్బు తీసుకునే పెద్దమనిషి పేరు కూడా రాయాలి.

సంఘం అడుగుతున్నది

మేము చెప్పిన దారితో అందరికీ న్యాయం జరగదని మాకు తెలుసు. సెంటు భూమి లేక కౌలుకు చేసే రైతు ఏ పట్టా మార్చుకున్నా ఈ బీమాలోకి రాడు. అరవై దాటి ఇంకా నాగలి వదలని పెద్దలు మన ఊళ్లలో ఎంతమంది లేరు? అరవై నిండిన రోజు నుంచి వాళ్ల ప్రాణానికి విలువ లేనట్టు పథకం రాశారు. కౌలు రైతుకు, వ్యవసాయ కూలీకి బీమా ఇవ్వాలని, 59 ఏళ్ల హద్దు తీసేయాలని సంఘం అడుగుతున్నది, అడుగుతూనే ఉంటుంది. అది సర్కారు చేయాల్సిన పని. దానికి కొట్లాట కావాలి, మీరంతా కావాలి. పట్టా మాట మాత్రం మన వాకిట్లో మనం తేల్చుకోగలిగేది.

చివరగా ఒక మనవి. ఈ రోజు ఎవరూ కాగితం తీయొద్దు, ఎవరినీ సంతకం అడగొద్దు. మందు తాగిన నోటితో భూమి మాట అసలే వద్దు. రేపో ఎల్లుండో, ఆడబిడ్డలు తిరుగు ప్రయాణం కట్టకముందు, పొద్దున పూట చాయ్ తాగినంక, ఇంటి పెద్దమనిషి తానే పాసుబుక్కు తెచ్చి నడుమ పెట్టాలి. మొదటి మాట ఆయనది, రెండో మాట అవ్వది, తర్వాతనే పిల్లలది. ఆ రోజు ఏమీ తేలకపోయినా పరవాలేదు. పాసుబుక్కులో ఏముందో ఇంట్లో అందరికీ తెలిస్తే అది కూడా ఒక పని అయినట్టే. కాగితం రాయడానికి, రికార్డు చూడడానికి తోడు కావాలంటే సంఘం కార్యకర్తలు మీ ఇంటికి వస్తారు, పైసా తీసుకోరు.